క్రాస్‌లో సాక్షి పాత స్టేట్‌మెంట్‌ని ఎప్పుడు, ఎలా బయటికి తీయాలి

ప్రశ్న: సార్, మా ట్రయల్ అడ్వకసీ కోర్సులో వచ్చే వారం మాక్ ట్రయల్ ఉంది. నాది డిఫెన్స్. గోదాములో దొంగతనం కేసు, నేను ప్రాసిక్యూషన్ సాక్షి అయిన నైట్ వాచ్‌మన్‌ని క్రాస్ చేయాలి, అంటే ఎదురు ప్రశ్నలు వేయాలి. చీఫ్‌లో, అంటే అతన్ని పిలిచిన లాయరు అడిగేటప్పుడు, అతను "గేటు లైటు వెలుగులో నిందితుడి ముఖం స్పష్టంగా చూశాను" అంటాడు. అదే రాత్రి పోలీసులకిచ్చిన స్టేట్‌మెంట్‌లో గేటు లైటు పాడైపోయి ఉందన్నాడు, ముఖం సంగతే ఎత్తలేదు. ప్రాక్టీసులో "మరి అప్పుడు అలా ఎందుకు చెప్పారు?" అని అడిగాను. సాక్షిగా కూర్చున్న ఫ్రెండ్ ఐదు నిమిషాలు వివరణ ఇచ్చాడు, నాకు ఏం చేయాలో తోచలేదు. లీడింగ్ ప్రశ్నలు ఎలా కట్టాలి? ఆ స్టేట్‌మెంట్‌ని ఏ సమయంలో వాడాలి?

జవాబు:

"ఎందుకు" అన్న ప్రశ్న మానేస్తే సగం ఇబ్బంది తీరుతుంది. మిగతా సగం అంతకు ముందే మొదలైంది. మీరు కాగితం తీసే సమయానికి సాక్షి తప్పించుకునే దారులన్నీ తెరిచే ఉన్నాయి. "అప్పుడు కంగారులో ఉన్నాను, సరిగా చెప్పలేకపోయాను" అనేది ఒకటి. "నేను చెప్పాను, పోలీసాయనే సరిగా రాసుకోలేదు" అనేది రెండోది. "వాళ్ళు అడగలేదు, అందుకే చెప్పలేదు" అనేది మూడోది. మీ ఫ్రెండ్ చెప్పిన ఐదు నిమిషాల వివరణ ఈ మూడింట్లోనే ఎక్కడో ఉండి ఉంటుంది. నిజమైన సాక్షులూ ఇవే చెబుతారు. కాబట్టి పాత స్టేట్‌మెంట్‌తో సాక్షిని దెబ్బతీయడమంటే కాగితం చూపించడం ఒక్కటే కాదు. చూపించక ముందే ఈ మూడు దారులూ ఒక్కొక్కటిగా మూసి రావాలి. ఆ పని చేసేది లీడింగ్ ప్రశ్నలే. అందుకే మీరు అడిగిన రెండు విషయాలనూ కలిపే చెబుతాను.

దానికంటే ముందు ఒకటి తేల్చుకోండి. సాక్షి చెప్పిన రెండు మాటల్లో జడ్జి ఏది నమ్మితే మీకు మంచిది? కొత్తగా క్రాస్ నేర్చుకునేవాళ్ళు చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. రెండు మాటలకూ తేడా కనబడగానే సాక్షి అబద్ధాలకోరని చూపించాలని ఉరుకుతారు. మీ కేసులో మొదటి మాట, అంటే లైటు పాడైందన్న మాట, నిజమైతేనే మీకు లాభం. అలాంటప్పుడు ఆ రాత్రి స్టేట్‌మెంట్ ఇచ్చిన మనిషిని మీరు గౌరవంగా చూడాలి. ఆ రోజు జాగ్రత్తగా, నిజాయితీగా చెప్పాడనే భావన జడ్జికి కలగాలి. మీరు గొంతు పెంచి, "మీరు అప్పుడూ ఇప్పుడూ అబద్ధాలే చెబుతున్నారు" అన్నారంటే మీకు పనికొచ్చే మాటను మీరే పాడుచేసుకున్నట్టు. రెండు మాటలూ మీకు నష్టం చేసేవైతే లెక్క వేరు. అప్పుడు పాత స్టేట్‌మెంట్‌కి విలువ పెంచే ప్రశ్నలు అక్కర్లేదు. రెండూ పొసగవని చూపించి, ఏ మాటనూ నమ్మలేమనే దగ్గర ఆపేస్తే చాలు.

ఇక లీడింగ్ ప్రశ్న. చీఫ్‌లో తన సాక్షిని లీడింగ్ ప్రశ్నలు అడగకూడదని, క్రాస్‌లో అడగవచ్చని మీరు చదివే ఉంటారు. భారతీయ సాక్ష్య అధినియం, 2023లో అది సెక్షన్ 146. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 141 నుంచి 143 వరకు ఉన్న విషయమే. అమెరికా ఫెడరల్ ఎవిడెన్స్ రూల్స్‌లో 611(c). అనుమతి ఉండటం వేరు, దాన్ని వాడుకోవడం తెలియడం వేరు. "మీరు ఎక్కడున్నారు?" అన్నది లీడింగ్ కాదు. "మీరు గదిలో ఉన్నారా, బయట ఉన్నారా?" అన్నదీ క్రాస్‌కి పనికొచ్చే లీడింగ్ కాదు, సాక్షికి ఎంచుకునే అవకాశం ఇస్తోంది. "మీరు గదిలో ఉన్నారు. అవునా?" అన్నది లీడింగ్. జరిగింది ఏమిటో మీరే చెబుతారు, సాక్షి ఒప్పుకుంటాడు లేదా కాదంటాడు. క్రాస్‌లో కథ చెప్పేది లాయరే.

అయితే ఒక ప్రశ్నలో ఒక విషయమే ఉండాలి. మాక్ ట్రయల్స్‌లో ఎక్కువగా వినబడే రకం ప్రశ్న ఇలా ఉంటుంది: "మీరు లైటు వేసుకుని గదిలో ఉండగా చప్పుడు విని కంగారుగా చీకట్లోకి వచ్చేసరికి ఎవరో పారిపోతూ కనిపించారు, అవునా?" దీనికి సాక్షి "కాదు" అన్నాడనుకోండి. గదిలో లేననా, లైటు లేదనా, కంగారు పడలేదనా, చీకటి కాదనా? మీకు తెలియదు, జడ్జికీ తెలియదు. పైగా ప్రశ్నలో ఒక్క మాట నచ్చకపోయినా సాక్షి దాన్ని పట్టుకుని మొత్తం కాదనేయవచ్చు. ఎదుటి లాయరు కూడా అబ్జెక్షన్ చెబుతాడు. దాన్నే విడదీసి చూడండి:

– రాత్రి రెండు గంటలప్పుడు మీరు మీ గదిలో ఉన్నారు.
– గదిలో లైటు వెలుగుతోంది.
– గది తలుపు వేసి ఉంది.
– బయట ఏదో చప్పుడు వినిపించింది.
– చప్పుడు విన్నాకే మీరు తలుపు తీశారు.
– తలుపు తీసేసరికి ఆ మనిషి గోడ దగ్గర ఉన్నాడు.

ప్రతి దానికీ "అవును" తప్ప మరో జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే ప్రతిదీ అతని స్టేట్‌మెంట్‌లో ఉన్నదే. ఇందులో "కంగారు" లేదు, "చీకటి" లేదు. ఆ రెండూ మన అభిప్రాయాలు. వాటిని సాక్షి ముందు పెడితే వాదన మొదలవుతుంది: "మరీ చీకటేం కాదండీ, వెన్నెల ఉంది." వెలుగున్న గదిలోంచి ఒక్కసారిగా బయటికి వచ్చిన కళ్ళకు చీకటి అలవాటు కావడానికి చాలా నిమిషాలు పడుతుందన్నది మీ వాదనలో జడ్జికి చెప్పాల్సిన మాట. సాక్షి చేత ఒప్పించాల్సిన మాట కాదు. అతని నుంచి మీకు కావాల్సింది గదిలో లైటు, వేసిన తలుపు, చప్పుడు, గోడ. అంతే.

తెలుగులో క్రాస్ చేసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. "మీరు ముఖం చూడలేదు కదా?" అని అడిగితే సాక్షి "లేదు" అంటాడు. చూడలేదని ఒప్పుకున్నట్టా, మీరన్నది నిజం కాదని అన్నట్టా? "అవును" అన్నా అదే చిక్కు. ఆ క్షణంలో గొంతును బట్టి అందరికీ అర్థమైనా, రికార్డులోకి ఎక్కాక అర్థం తలకిందులు కావచ్చు. సాక్ష్యం ఇంగ్లిష్‌లో నమోదయ్యే చోట ప్రమాదం మరీ ఎక్కువ. అందుకే "లేదు కదా, కాదు కదా" అని ముగిసే ప్రశ్నలు వీలైనంత తగ్గించి, జరిగిన విషయంగా మార్చండి. "లైటు వెలగడం లేదు కదా?" అనే బదులు "లైటు పాడైపోయి ఉంది. అవునా?" అనండి. ప్రతి వాక్యం చివర "అవునా" తగిలించనక్కర్లేదు. నాలుగైదు ప్రశ్నలు గడిచాక సాక్షి ఆ నడకకు అలవాటు పడతాడు, మీరు వాక్యం చెప్పి ఆగితే చాలు, జవాబు వస్తుంది.

ఇప్పుడు లైటు సంగతికి వద్దాం. మీ ఫైల్లో రాత్రి మూడున్నరకు రాసిన స్టేట్‌మెంట్‌లో మాట ఇలా ఉందనుకుందాం: "గేటు లైటు రెండు రోజుల నుంచి పాడైపోయి ఉంది." కోర్టులో అన్న మాట: "గేటు లైటు వెలుగుతోంది." ఇది నేరుగా ఒకదాన్నొకటి కొట్టేసే తేడా. దీన్ని మూడు అడుగుల్లో నడిపించాలి.

మొదటి అడుగు, ఇవాళ చెప్పిన మాట దగ్గర అతన్ని నిలబెట్టడం.

– ఈ రోజు చీఫ్‌లో మీరు గేటు లైటు వెలుగుతోందని చెప్పారు.

ఒక్క ప్రశ్న చాలు, అతను వాడిన మాటలతోనే, మామూలు గొంతుతో. "మీరు ఖచ్చితంగా చెబుతున్నారా? ఇంకోసారి ఆలోచించి చెప్పండి" అని సినిమా ఫక్కీలో అడగకండి. అలా అడిగితే మీకు నష్టం చేసే మాట జడ్జి చెవిన రెండోసారి, మూడోసారి పడుతుంది. సాక్షికి కూడా ఏదో వల పన్నారని తెలిసిపోతుంది. అప్పుడు "అంటే... లైటు కొంచెం డల్‌గా ఉండొచ్చు" అని ముందే మెత్తబడతాడు. మెత్తబడ్డ మాటకు, పాత మాటకు మధ్య తేడా తగ్గిపోతుంది.

రెండో అడుగు, పాత స్టేట్‌మెంట్ ఇచ్చిన పరిస్థితి చెప్పించడం. దారులు మూసేది ఇక్కడే, కాబట్టి ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

– ఆ రాత్రే పోలీసులు గోదాము దగ్గరికి వచ్చారు.
– మీరు ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడారు.
– అప్పటికి సంఘటన జరిగి గంటన్నర అయింది.
– దొంగ దొరకాలని మీరు కోరుకున్నారు.
– అందుకని మీరు చూసిందంతా ఆయనకు చెప్పారు.
– మీరు చెబుతుంటే ఆయన రాసుకున్నారు.
– గేటు దగ్గర పరిస్థితి ఎలా ఉందో కూడా ఆయనకు చెప్పారు.

"గంటన్నర" అన్న మాటతో జ్ఞాపకం మసకబారిందనే దారి మూసుకుపోతుంది. "చూసిందంతా చెప్పారు" అన్నది, అడగలేదు కాబట్టి చెప్పలేదనే దారిని మూస్తుంది. "మీరు చెబుతుంటే రాసుకున్నారు" అన్నది, తప్పు రాశారనే దారిని కొంతవరకు మూస్తుంది. "పోలీసులు తప్పుగా ఏమీ రాయలేదు కదా?" అని మాత్రం అడగకండి. అప్పటిదాకా రాని ఆలోచనను మీరే అతనికి అందించినట్టవుతుంది. మూసే పని జరిగిన విషయాలతోనే జరగాలి, మీ అనుమానాలతో కాదు.

ఇక్కడ విదేశీ ఉదాహరణలు చూసి నేర్చుకున్న విద్యార్థులు తరచూ జారిపడే చోటు ఒకటుంది. అమెరికన్ పద్ధతిలో "కింద ఉన్న సంతకం మీదే, అవునా?" అన్నది ఈ అడుగులో తప్పకుండా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ వాడేది ఎక్కువగా విచారణకు ముందు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం, అంటే డిపోజిషనో, సంతకం చేసిన స్టేట్‌మెంటో. మన దగ్గర దర్యాప్తులో పోలీసులు రాసుకున్న సాక్షి స్టేట్‌మెంట్ మీద సాక్షి సంతకం తీసుకోకూడదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీఆర్‌పీసీ, సెక్షన్ 162, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్, సెక్షన్ 181 ఆ మాటే చెబుతుంది. మీ ఫైలు భారత చట్టం మీద తయారైనదైతే సంతకం ప్రశ్న వేసి, "నేను సంతకం చేయలేదండీ" అన్న జవాబు తెచ్చుకోకండి. ఆ ఒక్క జవాబుతో కాగితం విలువ జడ్జి కళ్ళ ముందే పడిపోతుంది.

మూడో అడుగు, పాత మాటను ఎదురుగా పెట్టడం.

– మీ స్టేట్‌మెంట్ మొదటి పేజీ, ఏడో లైను చూడండి. నేను చదువుతాను, మీరు చూస్తూ వినండి. "గేటు లైటు రెండు రోజుల నుంచి పాడైపోయి ఉంది." నేను ఉన్నది ఉన్నట్టు చదివానా?

చదవాల్సింది మీరే, సాక్షి కాదు. అతని చేతికిస్తే గొణుగుతాడు, ముందు వాక్యం నుంచి మొదలుపెడతాడు, మధ్యలో వివరణ చేరుస్తాడు. ఒక్క అక్షరం మార్చకుండా చదవండి. మీకు నచ్చినట్టు కుదించి "లైటు లేదన్నారు" అని చెబితే, "లైటు లేదనలేదండీ, పాడైందన్నాను" అని కొత్త తగాదా వస్తుంది. "అవును, అలాగే ఉంది" అన్న జవాబు రాగానే ఆగండి. జడ్జి రాసుకునేంత సేపు ఊరుకోండి, ఆ తర్వాత వేరే విషయానికి వెళ్ళిపోండి. "మరి రెండిట్లో ఏది నిజం?" అని అడగాలని నాలుక దురద పెడుతుంది. అది "ఎందుకు" అన్న ప్రశ్నకు మారు వేషమే. మూసిన దారులన్నీ మళ్ళీ తెరుచుకుంటాయి.

పాత కాగితంలోని ఆ భాగాన్నే సాక్షికి చూపించాలనే నియమం వెనక పెద్ద చరిత్ర ఉంది. 1820లో ఇంగ్లండ్‌లో క్వీన్ కరోలిన్ విచారణలో, సాక్షి రాసిన పత్రం గురించి అడగాలంటే ముందు ఆ పత్రాన్ని అతనికి చూపించి తీరాలని జడ్జీలు చెప్పారు. అంటే ఏం రాశాడో చూసుకుని జవాబు సర్దుకునే వీలు సాక్షికి దొరికేది. క్రాస్ పదును పోయింది. తర్వాత ఇంగ్లండ్‌లోనే చట్టం మార్చారు. ముందుగా చూపించకుండానే అడగవచ్చు, కానీ ఆ రాతతో అతని మాటను ఖండించాలనుకుంటే, రాతను రుజువు చేసే లోపల ఖండించడానికి వాడే భాగాలను అతని దృష్టికి తేవాలి. మన ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 145 ఇదే దారిలో నడిచింది, కొత్త చట్టంలో అది సెక్షన్ 148. అందుకే మనం మొదటి రెండు అడుగులూ కాగితం సాక్షి చేతికి ఇవ్వకుండా నడిచాం, మూడో అడుగులో ఆ ఒక్క లైను చూపించాం. స్టేట్‌మెంట్ మొత్తం అతని ముందు పెట్టి "ఇందులో ఉన్నదంతా మీరు చెప్పిందేనా?" అని అడిగితే ఈ నియమం నెరవేరదు. ఏ మాటతో ఖండిస్తున్నారో ఆ మాటే చూపించాలి.

అతను "నేను పోలీసులకు అలా చెప్పలేదు" అంటే ఏం చేయాలి? కోప్పడకండి, వాదించకండి. మీరు చదివిన మాటలు, అతని నిరాకరణ రెండూ రికార్డులోకి ఎక్కేలా చూసుకుని ముందుకు వెళ్ళండి. తర్వాత ఆ స్టేట్‌మెంట్ రాసిన ఇన్‌స్పెక్టర్ బోనెక్కినప్పుడు, సాక్షి తనతో ఆ మాట చెప్పాడని ఆయన చేత చెప్పించాలి. అప్పుడే ఖండన రుజువైనట్టు. మాక్ ట్రయల్స్‌లో విద్యార్థులు వాచ్‌మన్ దగ్గర ఈ పని చక్కగా చేసి, ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి మరిచిపోతుంటారు. ఇన్‌స్పెక్టర్ క్రాస్ నోట్స్‌లో మొదటి లైనుగా ఇది రాసి పెట్టుకోండి.

సాక్షి అడగకుండానే వివరణ మొదలుపెడితే ఒక్కసారి పూర్తిగా చెప్పనివ్వండి. మధ్యలో నోరు మూయిస్తే మీరే ఏదో దాస్తున్నారనిపిస్తుంది. అతను ఆగాక అదే ప్రశ్న అవే మాటలతో మళ్ళీ వేయండి: "నేను అడిగింది ఒక్కటే. గేటు లైటు రెండు రోజుల నుంచి పాడైపోయి ఉందని ఆ రాత్రి చెప్పారు. అవునా?" రెండోసారి కూడా పక్కదారి పడితే అప్పుడు జడ్జి సాయం అడగవచ్చు. చాలాసార్లు ఆ అవసరం రాదు, జడ్జే "అడిగినదానికి చెప్పండి" అంటారు.

ఇక ముఖం సంగతి. ఇది లైటు కంటే కష్టం, మీ కేసుకి లైటు కంటే ముఖ్యం. ఇక్కడ రెండు మాటలు ఢీకొనడం లేదు. ఇవాళ ఒక మాట ఉంది, ఆ రాత్రి మౌనం ఉంది. అప్పుడు చెప్పని విషయాలన్నీ అబద్ధాలు కావు. మనుషులు ఏ సంఘటన గురించైనా కొన్ని వదిలేసే చెబుతారు. కాబట్టి వదిలేసిన విషయం ఎలాంటిదో ముందు చూపించాలి: అంత ముఖ్యమైనదాన్ని చూసినవాడు ఆ సందర్భంలో చెప్పకుండా ఉండడు అనిపించాలి. పోలీసు స్టేట్‌మెంట్లలో కాంట్రడిక్షన్, అంటే రెండు మాటలు పొసగకపోవడం, ఒమిషన్, అంటే చెప్పాల్సింది వదిలేయడం, వీటి గురించి సుప్రీంకోర్టు 1959లో తహసిల్దార్ సింగ్ కేసులో వివరంగా చర్చించింది. తర్వాత 1973 సీఆర్‌పీసీలో సెక్షన్ 162కి వివరణ చేర్చారు. వదిలేసిన విషయం ఆ సందర్భంలో ముఖ్యమైనదైతే, పరిగణించదగ్గదైతే అది ఖండన కిందికి రావచ్చు, వస్తుందా లేదా అన్నది ఆ కేసు వాస్తవాలను బట్టి తేలుతుంది అని దాని సారాంశం. బీఎన్ఎస్ఎస్‌లోనూ అదే ఉంది. మీ ప్రశ్నలన్నీ ఆ "ముఖ్యమైనది" అన్న దాన్ని నిలబెట్టడానికే.

– ఇన్‌స్పెక్టర్ మిమ్మల్ని ఆ మనిషి ఎలా ఉన్నాడని అడిగారు.
– అతన్ని పట్టుకోవడానికే అడుగుతున్నారని మీకు తెలుసు.
– ముదురు రంగు చొక్కా వేసుకున్నాడని మీరు చెప్పారు.
– గోడ దూకి పారిపోయాడని చెప్పారు.
– ఏ వైపు పారిపోయాడో కూడా చెప్పారు.
– ఈ రోజు కోర్టులో అతని ముఖం స్పష్టంగా చూశానన్నారు.
– ఆ రాత్రి ఇన్‌స్పెక్టర్‌కి చొక్కా రంగు చెప్పారు. ముఖం చూశానన్న మాట స్టేట్‌మెంట్‌లో ఎక్కడా లేదు.

చొక్కా రంగు చెప్పినవాడు ముఖం చూశానని చెప్పడా? ఈ ప్రశ్న సాక్షిని అడగకూడదు, జడ్జి మనసులో పుట్టాలి. అందుకే చొక్కా, గోడ, వైపు ముందు వచ్చాయి. చిన్న వివరాలన్నీ గుర్తుపెట్టుకుని చెప్పాడని తేలాకే ముఖం వచ్చింది. ఈ వరుస తిప్పి ముఖంతో మొదలుపెడితే అదే విషయం నీరుగారిపోతుంది. ఒమిషన్ కాబట్టి చివరి ప్రశ్నలో "లేదు" తప్పలేదు. అక్కడ వచ్చిన జవాబు రికార్డులో స్పష్టంగా పడిందో లేదో చూసుకోండి.

మొదటి ప్రశ్న మాత్రం జాగ్రత్త. ఇన్‌స్పెక్టర్ నిజంగా అడిగినట్టు మీ ఫైల్లో ఆధారం ఉంటేనే వేయండి. లేకపోతే మొదటి రెండూ వదిలేసి, "పారిపోయిన మనిషి గురించి ఆయనకు చెప్పారు" అనండి.

చివర్లో స్టేట్‌మెంట్ సాక్షి చేతికిచ్చి "ముఖం చూశానన్న మాట ఎక్కడుందో చూపించండి" అనే పద్ధతి ఒకటుంది. చూడ్డానికి బాగుంటుంది, నేను మాత్రం విద్యార్థులకు వద్దంటాను. సాక్షి రెండు నిమిషాలు కాగితం తిరగేస్తాడు, మీ నడక ఆగిపోతుంది. ఈలోగా "మళ్ళీ చూస్తే గుర్తుపట్టగలను" అన్న వాక్యం అతని కంట పడిందంటే, ముఖం చూడనివాడు గుర్తుపట్టగలనని ఎలా అంటాడని జడ్జికి అనిపిస్తుంది. ఒమిషన్ మీద క్రాస్ తయారుచేసే ముందు "ముఖం" అన్న మాట ఒక్కటే వెతికితే చాలదు. గుర్తుపట్టగలను, పోల్చగలను, ఇంతకు ముందు చూసిన మనిషి, పోలికలు, మీసం, గడ్డం, ఇలా ముఖం చూసినట్టు అర్థం వచ్చే ప్రతి మాటా వెతకాలి. ఏ ఒక్కటి దొరికినా ఆ ప్రశ్న వదిలేయడమే మేలు. అప్పుడు లైటు మీదే గట్టిగా నిలబడండి.

లైటు ముందా, ముఖం ముందా అంటే, లైటే ముందు. లైటు దగ్గర రెండో అడుగులో ఆ స్టేట్‌మెంట్‌కి మీరు విలువ తెచ్చి పెట్టారు: గంటన్నరలోపు ఇచ్చాడు, చూసిందంతా చెప్పాడు, చెబుతుంటే రాసుకున్నారు. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆ విలువ అలాగే ఉంటుంది, మళ్ళీ మొదటి నుంచి కట్టనక్కర్లేదు.

మీ ఫైల్లో ఇంకో తేడా కూడా ఉండే ఉంటుంది, ఉదాహరణకి కోర్టులో రెండు గంటలని, స్టేట్‌మెంట్‌లో రెండుంపావని. దాన్ని ముట్టుకోకండి. ఎవరైనా చెప్పగల తేడా అది. దాని మీద కూడా ఇంతే పట్టుదల చూపిస్తే లైటు, ముఖం కూడా అదే కోవలోవేమో అనిపిస్తుంది. తేడా వల్ల కేసులో తేలాల్సిన ప్రశ్నకు జవాబు మారుతుందా అని చూడండి. మీ కేసులో ప్రశ్న ఒక్కటే: చూసింది ఈ మనిషినేనా? సమయం పావుగంట అటూఇటూ అయినా దానికి జవాబు మారదు.

ఇంతా చేశాక భారత కోర్టుల పద్ధతిలో ఇంకో పని మిగులుతుంది. సాక్షి మాటను కాదనదలచుకున్నప్పుడు, ఆ సంగతి అతని ముఖం మీదే చెప్పి జవాబిచ్చే అవకాశం ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో 1893 నాటి బ్రౌన్ వర్సెస్ డన్ కేసు నుంచి వచ్చిన సూత్రం ఇది. దాన్నే మనం సజెషన్ వేయడం అంటాం: "ఆ రాత్రి మీరు నిందితుడి ముఖం చూడలేదని, కేసు కోసం ఈ రోజు చూశానని చెబుతున్నారని నేనంటున్నాను." అతను "అది నిజం కాదు" అంటాడు. అనుకున్న జవాబే, దానివల్ల మీకు నష్టం లేదు. వేయకపోతే మాత్రం, ఆ మాటను డిఫెన్స్ కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని ఎదుటివాళ్ళు వాదిస్తారు. అమెరికన్ పాఠాల్లో "గెలిచిన చోట ఆగిపో" అని నేర్పుతారు, అక్కడ ఈ సజెషన్ల ఆనవాయితీ లేదు. మీ మాక్ ట్రయల్ ఏ పద్ధతిలో నడుస్తుందో ముందే కనుక్కోండి. సజెషన్లు వేయాల్సి ఉంటే అన్నీ క్రాస్ చివర, ఒకచోట, వరుసగా వేసేయండి. లైటు ఖండన ముగిసిన వెంటనే మాత్రం వద్దు. అక్కడ మౌనం కావాలి.

ఆఖరి మాట వాదన గురించి, ఎందుకంటే క్రాస్‌లో సంపాదించినదాన్ని వాదనలో పోగొట్టుకునేవాళ్ళు ఉన్నారు. భారత చట్టంలో పోలీసులకిచ్చిన స్టేట్‌మెంట్ సాక్షి మాటను ఖండించడానికే పనికొస్తుంది, అందులో ఉన్నది నిజమని రుజువు చేయడానికి కాదు. అందుకని వాదనలో "లైటు పాడైందని స్టేట్‌మెంట్‌తో రుజువైంది" అనకూడదు. "లైటు గురించి ఈ సాక్షి కోర్టులో ఒక మాట, సంఘటన జరిగిన గంటన్నరకు మరో మాట చెప్పాడు, ఆ వెలుగులో ముఖం చూశానన్న మాట మీద ఆధారపడలేం" అనాలి. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో పాత మాటను అందులో ఉన్నది నిజమనడానికి సాక్ష్యంగా వాడుకోవాలంటే, మామూలుగా అది విచారణలోనో డిపోజిషన్‌లోనో ప్రమాణం మీద చెప్పినదై ఉండాలి, కాబట్టి పోలీసు స్టేట్‌మెంట్‌తో అక్కడా దాదాపు ఇదే పరిస్థితి. ఇంగ్లండ్‌లో క్రిమినల్ కేసుల్లో 2003 చట్టం వచ్చాక, ఖండించడానికి వాడిన పాత మాటలో ఉన్నది నిజమని కూడా తీసుకోవచ్చు. మీరు భారత పద్ధతిలో ఉంటే, లైటు పాడైందని నిజంగా నిలబెట్టడానికి ఇంకో ఆధారం కావాలి. ఇన్‌స్పెక్టర్ సంఘటన స్థలం గురించి రాసిన రిపోర్టు మీ ఫైల్లో ఉందో లేదో ఇవాళే చూడండి. ఆయన స్వయంగా చూసి రాసుకున్న వివరాల్లో గేటు లైటు సంగతి ఉంటే, దాన్ని వాచ్‌మన్ దగ్గర కాకుండా ఇన్‌స్పెక్టర్ క్రాస్‌లో అడగండి. అది ఆయన కంటితో చూసిన విషయం, స్టేట్‌మెంట్‌కున్న పరిమితి దానికి లేదు.